ఫుల్ మార్కులు వచ్చిన పాప: ఒక బోధనా తత్వం స్టేట్‌మెంట్ ఎలా మారింది

విశ్వవిద్యాలయ ఉద్యోగాలకి దరఖాస్తు చేసుకునేవాళ్ళు తాము ఎలా బోధిస్తారో, ఎందుకలా బోధిస్తారో చెబుతూ రాసిన టీచింగ్ స్టేట్‌మెంట్లు చదివి, వాళ్ళతో కూర్చుని సరిచేయించడం చాలాకాలంగా నా పనిలో భాగం. అంతకుముందు కొన్నేళ్ళు ఎడ్యుకేషన్ విభాగంలో ఎంపిక కమిటీల్లో కూర్చుని, అవే కాగితాలు అటువైపు నుంచీ చదివాను. ఇక్కడ రాస్తున్నది ఒకే ఒక్క అభ్యర్థి గురించి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. పాఠం సంగతి, ప్రశ్నలు, మా మధ్య నడిచిన వాదన మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నేపథ్యం

ఆమె తొమ్మిదేళ్ళు స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి, తర్వాత ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేశారు. పరిశోధన చేస్తున్న రోజుల్లో రెండు సెమిస్టర్లు, టీచర్ కావడానికి చదువుతున్నవాళ్ళకి గణిత బోధనా పద్ధతుల కోర్సు చెప్పారు. దరఖాస్తు చేస్తున్నది అలాంటి కోర్సులు చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకి. నా దగ్గరకి వచ్చేసరికి నాలుగు చోట్ల పంపి ఉన్నారు. ఒక్కచోట నుంచీ ఇంటర్వ్యూ పిలుపు రాలేదు.

రెజ్యూమె బాగుంది. పరిశోధన ప్రతిపాదన కూడా బాగానే ఉంది. టీచింగ్ స్టేట్‌మెంట్ దగ్గరే నా చదువు ఆగిపోయింది.

ఆ స్టేట్‌మెంట్‌లో ఏముంది

రెండు పేజీలు. మొదటి పేరా ఇలా మొదలవుతుంది: "విద్యార్థి కేంద్రిత బోధనను నేను గాఢంగా విశ్వసిస్తాను. జ్ఞానం అనేది అందించేది కాదు, విద్యార్థి స్వయంగా నిర్మించుకునేది. నా తరగతి గదిలో ప్రతి విద్యార్థి గొంతుకూ విలువ ఉంటుంది." మొదటి పేజీ పూర్తయ్యేలోపే విద్యా సిద్ధాంతకర్తలు డ్యూయీ, వైగాట్‌స్కీ, ఫ్రేరే, షుల్మన్ నలుగురూ వచ్చి వెళ్ళిపోయారు. రెండో పేజీలో గ్రూప్ వర్క్, యాక్టివిటీలు, టెక్నాలజీ, నిరంతర మూల్యాంకనం ఉన్నాయి.

ఒక్క మాటా తప్పు కాదు. ఆమె వాటిని నిజంగానే నమ్ముతారు. కానీ ఎడ్యుకేషన్ విభాగం కమిటీకి ఇది ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. ఆ టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు రోజూ క్లాసులో చెప్పేవే ఈ మాటలు. ఫిజిక్స్ విభాగంలోనైతే వైగాట్‌స్కీ పేరు చూసి "పర్వాలేదు, బోధన గురించి చదివారు" అనుకోవచ్చు. ఇక్కడ ఆ పేరు దరఖాస్తు పెట్టిన ప్రతివాళ్ళ కాగితంలోనూ ఉంటుంది. అప్పుడు చదివేవాళ్ళు వెతికేది ఒక్కటే: ఈ మనిషి క్లాసులో ఏదైనా అనుకోకుండా జరిగినప్పుడు ఏం చేశారు, ఎందుకు చేశారు?

ఆమె కాగితంలో ఏదీ అనుకోకుండా జరగలేదు. అసలు ఏమీ జరగలేదు.

మొదట చేసింది, ఎందుకు కుదరలేదు

మొదట నేను చెప్పింది అందరూ చెప్పేదే: ఉదాహరణలు పెట్టండి అన్నాను. వారం తర్వాత మూడు ఉదాహరణలతో కొత్త డ్రాఫ్ట్ పంపారు. వాటిలో దశాంశాల పాఠం గురించి ఇలా ఉంది: "దశాంశాలు పోల్చడంలో విద్యార్థులు ఇబ్బంది పడుతున్నారని గమనించి, వంద గడుల చార్టు ఉపయోగించి కృత్యం చేయించాను. దీనితో విద్యార్థులందరికీ భావన స్పష్టంగా అర్థమైంది." మిగతా రెండింటి వరస కూడా ఇదే. ఇబ్బంది వచ్చింది, కృత్యం చేయించాను, అందరికీ అర్థమైంది.

ఇక్కడ తప్పు నాది. ఉదాహరణ అనగానే ఆమెకి విజయగాథ తట్టింది, ఎవరికైనా అదే తడుతుంది. దరఖాస్తులో మంచి సంగతులే రాయాలి కదా. కానీ "అందరికీ అర్థమైంది" అన్న మాట కమిటీలో ఎవరూ నమ్మరు. ముప్ఫై, నలభై మంది పిల్లల క్లాసులో ఒక పాఠంతో అందరికీ అర్థం కావడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. పైగా ఆ మాట చూడగానే ఇంకో అనుమానం వస్తుంది: అర్థమైందో లేదో ఈ టీచరు సరిగ్గా చూశారా?

ఇంకో లోపం కూడా ఉంది, దాన్ని నేను ఆలస్యంగా గుర్తించాను. మూడు ఉదాహరణలూ స్కూలు పిల్లలవే. ఆమెకి ఉద్యోగం ఇవ్వబోయే విభాగంలో కూర్చునేది పిల్లలు కాదు, రేపు పిల్లలకి పాఠం చెప్పబోయేవాళ్ళు. పిల్లలకి దశాంశాలు చెప్పడం ఒక పని. దశాంశాలు ఎలా చెప్పాలో ఇరవై రెండేళ్ళ ట్రైనీకి నేర్పడం వేరే పని. మొదటిది బాగా చేసినవాళ్ళందరికీ రెండోది రాదు.

రెండోసారి మరీ అటువైపు వెళ్ళాం

ఈసారి డ్రాఫ్ట్ అడగలేదు. రాయొద్దన్నాను. గంటసేపు మాట్లాడదాం, నేను నోట్స్ తీసుకుంటాను అన్నాను. రాయమంటే స్టేట్‌మెంట్ భాష వచ్చేస్తోంది, మాట్లాడితే క్లాసు వస్తుందని నా ఆశ. "అర్థమైందని మీరు అనుకున్నాక, కాలేదని తేలిన రోజు ఏదైనా ఉందా?" అని అడిగాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఉంది మేడం. ఆ దశాంశాల పాఠమే" అన్నారు.

అప్పుడు చెప్పిన సంగతే ఈ కేసుకి గుండెకాయ, దాని దగ్గరకి వస్తాను. అయితే ఆ సంభాషణ తర్వాత ఆమె రాసుకొచ్చిన డ్రాఫ్ట్ కూడా కుదరలేదు. ఒకటిన్నర పేజీ నిండా ఆ పొరపాటే. తను ఎంత బాధపడిందీ, ఆ పిల్లకి ఎంత అన్యాయం చేశానని అనుకున్నదీ రాశారు. తర్వాత ఏం మార్చారన్నది రెండు వాక్యాల్లో అయిపోయింది. చదివితే మనిషి మీద గౌరవం కలుగుతుంది కానీ, బోధన గురించి ఏమీ తెలియదు. కమిటీకి కావలసింది పశ్చాత్తాపం కాదు. ఆ టీచరు ఆ తప్పుని ఎలా కనిపెట్టింది, దాని కారణం ఎక్కడ ఉందని తేల్చింది, మర్నాడు ఏం వేరుగా చేసింది అన్నది కావాలి. అందుకని ఒక కొలత పెట్టుకున్నాం: తప్పు ఏమిటో చెప్పడానికి రెండు వాక్యాలు చాలు, మిగతా చోటంతా ఆలోచనకి.

ఇక్కడ ఆమెకి ఒక భయం ఉండేది. "నేను పొరపాటు చేశానని రాస్తే ఉద్యోగం ఇస్తారా మేడం?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఇలా ఆలోచించాను: పిల్లల్ని పట్టించుకోకపోవడం, కోపంలో ఏదో అనేయడం లాంటి తప్పయితే రాయకూడదు. ఇది అలాంటిది కాదు. జాగ్రత్తగా, కావాలని తయారుచేసిన ప్రశ్నపత్రం వల్ల జరిగిన తప్పు. మంచి టీచర్లే చేసే తప్పు. దాన్ని పట్టుకోవడానికి విషయం మీద పట్టు ఉండాలి. కాబట్టి అది చెప్పడం వల్ల ఆమె పట్టు బయటపడుతుందని నాకనిపించింది.

దశాంశాల పాఠంలో నిజంగా జరిగింది

పిల్లలు చాలామంది 0.6 కంటే 0.45 పెద్దదంటారు. 45 అనేది 6 కంటే పెద్దది కదా అని. పూర్ణ సంఖ్యల అలవాటు దశాంశాల్లోకి వచ్చేస్తుంది. ఈ పొరపాటు ఆమెకి తెలుసు. అందుకే దాన్ని పట్టుకోవాలని పది ప్రశ్నల టెస్ట్ చేశారు: 0.6, 0.45లో ఏది పెద్దది? 0.8, 0.35లో? 0.7, 0.125లో? పది ప్రశ్నల్లోనూ అంకెలు తక్కువ ఉన్న సంఖ్యే పెద్దది. పాఠం చెప్పి, వంద గడుల చార్టు చూపించి, టెస్ట్ పెట్టారు. చాలామందికి ఎనిమిది దాటాయి. ఒక పాపకి పదికి పది.

మరుసటి వారం ఆరోహణ క్రమం లెక్క ఇచ్చారు: 0.3, 0.45, 0.6. అదే పాప ఇలా రాసింది: 0.45, 0.3, 0.6.

తొందరలో రాసిందేమో అనుకుని పిలిచి అడిగారట. ఆ పాప ఏమాత్రం తడుముకోకుండా, "వందో వంతు పదో వంతు కంటే చిన్నది కదా టీచర్. 0.45లో వందో వంతులున్నాయి, అందుకే అది అన్నిటికంటే చిన్నది" అంది.

ఆ పాపకి తర్కం లేదని అనలేం. వందో వంతు పదో వంతు కంటే చిన్నదన్న మాట నిజమే. కానీ ఒక్కో ముక్క ఎంత చిన్నదో చూసింది, అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడలేదు. ఆ పాప లోపల పనిచేస్తున్న సూత్రం: అంకెలు ఎక్కువ ఉంటే సంఖ్య చిన్నది. ఆ సూత్రంతో టెస్టులోని పది ప్రశ్నలకీ సరైన జవాబే వస్తుంది! "పొడుగ్గా ఉంటే పెద్దది" అనుకునేవాళ్ళని పట్టుకోవడానికి వేసిన వల అది. దానికి సరిగ్గా ఎదురు పొరపాటు ఉన్న పిల్లలు అందులోంచి ఫుల్ మార్కులతో బయటికి వచ్చేశారు. ఆమె వెనక్కి వెళ్ళి వెతికితే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళలోనే ఇంకో ముగ్గురు ఇలా కనిపించారు.

తర్వాత మూడు రకాల జతలు కలిపి టెస్ట్ మార్చారు. 0.6, 0.45 లాంటివి ఒక రకం. 0.3, 0.45 లాంటివి రెండో రకం. వీటిలో పొడుగు సంఖ్యే పెద్దది. మూడోది 0.4, 0.40. మొదటి రకంలో తప్పి, రెండో రకంలో ఒప్పయితే ఆ బిడ్డ పొడుగు చూస్తోంది. మొదటిది ఒప్పయి రెండోది తప్పితే వంతుల సైజు మాత్రమే చూస్తోంది. 0.40 పెద్దదన్నా, 0.4 పెద్దదన్నా ఏ సూత్రం నడుస్తోందో తెలిసిపోతుంది. మార్కులు కలిపితే ఈ తేడా కనిపించదు. ఇద్దరికీ ఒకే మార్కులు రావచ్చు, ఇద్దరికీ చెప్పాల్సిన పాఠం మాత్రం వేరు. ఆ నలుగురికీ వంద భాగాలున్న సంఖ్యారేఖ మీద 0.3ని ముప్ఫై గీతలుగా, 0.45ని నలభై ఐదు గీతలుగా పెట్టించారు. ముగ్గురు సర్దుకున్నారు. ఒక అబ్బాయి రేఖ ఉంటే సరిగ్గా చెప్పేవాడు, తీసేస్తే మళ్ళీ పాత సూత్రానికే వెళ్ళేవాడు.

ఆ అబ్బాయి సంగతి ఆమె కొట్టేయబోయారు. నేను ఉంచమన్నాను. "అందరికీ అర్థమైంది" అని రాసిన కాగితానికీ, "ముగ్గురు సర్దుకున్నారు, ఒకడు రేఖ తీసేస్తే మళ్ళీ మొదటికే వచ్చాడు" అని రాసిన కాగితానికీ మధ్య తేడా చదివేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది.

ట్రైనీల క్లాసు

ఇంతవరకూ మంచి స్కూల్ టీచరు కథ. ఇప్పుడు నేను అడిగిన ప్రశ్న: "మీ ట్రైనీలకి ఇది ఎలా నేర్పారు?"

"ఈ కథ చెప్పాను" అన్నారు. అలా చెప్పిన సెమిస్టర్లో ఏమైందని అడిగాను. చిన్న పాఠం చెప్పి సాధన చేసే మైక్రోటీచింగ్‌లో ట్రైనీలు ఎప్పటిలాగే టిక్కులు పెట్టి, "వెరీ గుడ్" అని ముందుకెళ్ళిపోయారట. కథ విన్నారు, నచ్చింది, చేతల్లోకి మాత్రం రాలేదు. రెండో సెమిస్టర్లో పద్ధతి మార్చారు. ఆ మార్పు గురించి ఆమె స్టేట్‌మెంట్లో ఒక్క ముక్కా లేదు! అది పెద్ద విషయమని ఆమెకి తోచలేదు.

ఆ రెండోసారి కథ చెప్పలేదు. ఆ పాప జవాబుల్లాంటివే ఆరు, తను చేత్తో రాసి కాగితం ఇచ్చారు. అన్నీ ఒప్పే. అసలు పిల్లల పేపర్లు వాడలేదు, అది కూడా కావాలనే. ట్రైనీలు 26 మంది. "ఈ బిడ్డకి అర్థమైందా? తర్వాతి ప్రశ్న 0.3, 0.45లో ఏది పెద్దది అని అడిగితే ఏం రాస్తుంది? ముందే రాసి పెట్టండి" అన్నారు. 22 మంది అర్థమైందనీ, 0.45 అని రాస్తుందనీ రాశారు. అప్పుడు రెండో కాగితం పంచారు. అందులో 0.3 అని ఉంది.

క్లాసులో కొంచెం గొడవ అయిందట. ఒక ట్రైనీ, "అయితే పోయిన వారం నేను పెట్టిన టెస్ట్ నాకేం చెప్పినట్టు?" అని అడిగాడు. ఆ ప్రశ్నే ఆ రోజు పాఠం. మిగతా గంటంతా ఎవరి టెస్ట్ వాళ్ళు బయటికి తీసి, తప్పు ఆలోచనతో కూడా ఒప్పయ్యే ప్రశ్నలు ఏవో గుర్తుపట్టారు. మైక్రోటీచింగ్ రౌండ్ మళ్ళీ వచ్చినప్పుడు చాలామంది, ఒప్పు జవాబు చెప్పినవాళ్ళని కూడా "ఎలా వచ్చింది?" అని అడిగారు. స్కూల్లో ప్రాక్టీస్ టీచింగ్‌కి వెళ్ళాక, సిలబస్ తొందరలో కొందరు మళ్ళీ టిక్కులకే వెళ్ళిపోయారు. ఇదీ రాశాం.

సిద్ధాంతం ఎక్కడ పెట్టాలి

నలుగురు పెద్దల పేర్లలో ఏది ఉంచాలన్నది తర్వాతి నిర్ణయం. నేను అడిగింది ఒకటే: ఈ రెండు క్లాసుల్లో మీ నిర్ణయాన్ని నిజంగా మార్చిన ఆలోచన ఏది? ఆమె చెప్పిన పేరు ఆ నాలుగింటిలో లేదు. 1975లో సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ చెప్పిన "అప్రెంటిస్‌షిప్ ఆఫ్ అబ్జర్వేషన్" అన్న మాట. టీచర్ కాబోయేవాళ్ళు అప్పటికే వేల గంటలు విద్యార్థులుగా టీచర్లని చూసి ఉంటారు. చూసిందల్లా బయటి నుంచి: టీచరు ప్రశ్న అడగడం, జవాబు వినడం, బాగుందని ముందుకెళ్ళడం. ఆ ప్రశ్నే ఎందుకు ఎంచుకున్నారో, జవాబు విని మనసులో ఏం బేరీజు వేసుకున్నారో కనిపించదు. ట్రైనీలు టిక్కు పెట్టి వెళ్ళిపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదనీ, జీవితమంతా చూసింది అదేననీ ఆమెకి అర్థమైంది. కథ చెప్పడం మానేసి, ముందే ఊహించి రాయమనడం అందుకే. చూసే అలవాటుని మాటలతో మార్చలేం, వాళ్ళ ఊహ వాళ్ళ కళ్ళముందే తప్పాలి.

ఈ పేరు కాగితం మధ్యలో, ఆ నిర్ణయం పక్కనే ఒక్కసారి వస్తుంది. మిగతా నాలుగూ తీసేశాం. షుల్మన్‌ని తీసేటప్పుడు ఆమె కొంచెం బాధపడ్డారు. పిల్లలు ఏ పొరపాటు ఆలోచనలతో వస్తారో తెలిసి ఉండటం టీచరు విషయజ్ఞానంలో భాగమేనన్నది ఆయన వాదన, దశాంశాల కథ మొత్తం అదే. కానీ ఆ పని కథే చేస్తోంది. పేరు రాయకపోయినా ఎడ్యుకేషన్ విభాగంలో చదివేవాళ్ళు గుర్తుపడతారు.

చివరికి మొదటి పేరా ఇలా మారింది: "పదికి పది వచ్చిన ఒక విద్యార్థిని మరుసటి వారం 0.45ని 0.3 కంటే ముందు రాసింది. ఆమె ఆలోచన తప్పు, కానీ నా టెస్టులో ఆ ఆలోచనతో ప్రతి జవాబూ ఒప్పే అవుతుంది. అప్పటినుంచి నేను ప్రశ్న తయారుచేసేటప్పుడు మొదట చూసేది, తప్పు దారిలో వచ్చినా దీనికి ఒప్పు జవాబు వస్తుందా అని." విద్యార్థి కేంద్రిత బోధన అన్న మాట కాగితంలో ఎక్కడా లేదు.

కాగితంలో మూడో వంతు చోటు పిల్లల క్లాసుకి, సగానికి పైన ట్రైనీల క్లాసుకి, చివర ఒక చిన్న పేరా ఆ విభాగంలో చెప్పబోయే కోర్సుకి. ఈ చివరి పేరా ప్రతి దరఖాస్తుకీ మారుతుంది. ప్రకటనలో ఉన్న కోర్సు పేరు తీసుకుని, మొదటి నాలుగు వారాల్లో ట్రైనీలతో చేయించే ఒక పని ఏమిటో రాస్తారు. ఒక పేజీ అడిగితే పిల్లల క్లాసు నాలుగు వాక్యాలకి తగ్గుతుంది, ట్రైనీల క్లాసు తగ్గదు.

నా పద్ధతిలో మారినవి

ఈ కేసు తర్వాత నేను "ఉదాహరణలు పెట్టండి" అనడం మానేశాను. మీకు అర్థమైందని అనిపించి, కాలేదని తేలిన రోజు చెప్పండి అంటాను. రాయమనేముందు మాట్లాడిస్తాను. ఎడ్యుకేషన్ విభాగానికి అయితే రెండో ప్రశ్న తప్పకుండా అడుగుతాను: అదే సంగతి టీచర్ కాబోయేవాళ్ళకి ఎలా నేర్పారు, మొదటిసారి ఎక్కడ కుదరలేదు? ట్రైనీలకి ఎప్పుడూ పాఠం చెప్పనివాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఈ దారి పూర్తిగా పనికిరాదు. స్కూల్లో కొత్తగా చేరిన టీచరుకి సాయం చేసిన అనుభవమో, తోటి టీచరు క్లాసు చూసి మాట్లాడిన అనుభవమో వెతుకుతాను. ఏదీ లేకపోతే, చేయబోయే పని అని స్పష్టంగా రాయమంటాను. చేసినట్టు రాయనివ్వను, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది.

పరిశోధనకే ఎక్కువ బరువిచ్చే పోస్టుల్లో ఈ కాగితాన్ని కమిటీ పైపైన చూసి వదిలేయడం కూడా జరుగుతుంది. అక్కడ ఇంత శ్రమ ఫలితమిస్తుందని చెప్పలేను.

తర్వాత

కొత్త కాగితంతో మూడు చోట్ల దరఖాస్తు చేశారు. రెండు చోట్ల ఇంటర్వ్యూకి పిలిచారు. పిలుపులు ఈ కాగితం వల్లే వచ్చాయని అనను, ఈలోగా ఆమె వ్యాసం ఒకటి అచ్చయింది కూడా. కానీ రెండు ఇంటర్వ్యూల్లోనూ మొదటి ప్రశ్న ఆ పాప గురించే అడిగారట. మొదటి చోట, "సైన్స్ ట్రైనీలకైతే ఇలాంటి కాగితం ఏం తయారుచేస్తారు?" అని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయారు. ఆ ఉద్యోగం రాలేదు. రెండో చోటికి వెళ్ళేముందు మేమిద్దరం కూర్చుని బరువు, సాంద్రతల మీద ఒకటి తయారుచేశాం. అక్కడ ఆ ప్రశ్న రాలేదు, ఉద్యోగం వచ్చింది.

చేరిన మొదటి సెమిస్టర్లో కొత్త ట్రైనీలకి అదే ఆరు జవాబుల కాగితం ఇచ్చారు. క్లాసు అయ్యాక ఒక ట్రైనీ వచ్చి, "మేడం, 0.4, 0.40 సమానం అని రాసిన బిడ్డ, చివరి సున్నా కొట్టేయొచ్చన్న రూల్ మాత్రమే గుర్తుపెట్టుకుని ఉంటే? దాన్ని ఏ ప్రశ్నతో పట్టుకోవాలి?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయానని ఆ రాత్రి నాకు మెసేజ్ పెట్టారు. కింద నాలుగు కొత్త ప్రశ్నలు, ఒక్కోదాని పక్కన అది ఎవరిని పట్టుకోలేదో రాసి ఉంది.